చలాన్లు లెక్కకి 60కి 60 ఉన్నాయి, అయినా నాలుగు నంబర్లు లేవు

విజయవాడ ఆటోనగర్‌లో నేను లెక్కలు చూసే ఒక చిన్న ఫ్యాబ్రికేషన్ యూనిట్ ఉంది, కిటికీ గ్రిల్స్, గేట్లు చేస్తారు, చేసినవి పౌడర్ కోటింగ్‌కి బయట జాబ్ వర్కర్ దగ్గరికి పంపుతారు. సరుకు వెళ్ళేటప్పుడు డెలివరీ చలాన్ రాస్తారు, అది 50 ఆకుల ప్రింటెడ్ బుక్, ఒక్కో నంబర్‌కి మూడు కాపీలు. 2025 జూలై నుంచి సెప్టెంబర్ దాకా క్వార్టర్ రిటర్న్‌కి వాళ్ళ చలాన్ రిజిస్టర్ ఎక్సెల్ ఫైల్‌లో పంపారు. మొదటి నంబర్ `JW-0401`, చివరిది `JW-0460`. 460లోంచి 401 తీసేసి ఒకటి కలిపితే 60, రిజిస్టర్‌లో లైన్లు చూస్తే అవీ కరెక్ట్‌గా 60. ఓనర్ ఫోన్‌లో "అరవైకి అరవై ఉన్నాయి కదండీ, ఇంకేం చూడాలి" అన్నారు, నాకూ ఒక్క నిమిషం అలాగే అనిపించింది.

కానీ తీరా చూస్తే అందులో నాలుగు నంబర్లు అసలు లేవు. ఆ లోటు బయటికి కనపడకుండా వేరే నంబర్లవి నాలుగు లైన్లు ఎక్కువ ఉన్నాయి. నాలుగు పోయి నాలుగు ఎక్కువైతే మొత్తం అరవై అరవైలాగే కనిపిస్తుంది. లైన్లు లెక్కపెట్టి సరిపోయింది అనుకునే పద్ధతి ఎందుకు మోసం చేస్తుందో, దాని బదులు ఏం చెయ్యాలో ఈ ఒక్క రిజిస్టర్ మీదే మొదటి నుంచి చివరి దాకా చూపిస్తాను. బిల్లుల వరస చూడాలన్నా ఇదే పద్ధతి.

చలాన్‌కి ఇంత పట్టింపు ఎందుకంటే, జాబ్ వర్క్‌కి పంపిన సరుకు ఏడాదిలోపు తిరిగి రాకపోతే జీఎస్టీ చట్టం సెక్షన్ 143 ప్రకారం దాన్ని పంపిన రోజునే అమ్మినట్టు లెక్కేస్తారు. ఆ ఏడాది ఎప్పుడు మొదలైందో చెప్పే కాగితం చలానే. రిజిస్టర్‌లో చలాన్ లేకపోతే ఆ సరుకు జాబ్ వర్కర్ దగ్గర ఉన్నట్టే మీకు తెలీదు, అదే రెండుసార్లు ఎక్కితే లేని సరుకు అక్కడ ఉన్నట్టు చూపిస్తుంది. జాబ్ వర్క్‌కి వెళ్ళిన, తిరిగొచ్చిన సరుకు వివరాలు చెప్పే ఐటీసీ-04 ఫారంలో ఇచ్చేది కూడా ఈ చలాన్ నంబర్ల వారీగానే. జీఎస్టీఆర్-1లో టేబుల్ 13 ఉంది కదా, అందులో ఏ నంబర్ నుంచి ఏ నంబర్ దాకా, మొత్తం ఎన్ని, క్యాన్సిల్ ఎన్ని, నికరం ఎన్ని అని అడుగుతారు, బిల్లులతో పాటు జాబ్ వర్క్ చలాన్లకి కూడా అక్కడ విడిగా వరస ఉంటుంది.

ఇక రిజిస్టర్‌లోకి వద్దాం. A కాలమ్‌లో వాళ్ళు టైప్ చేసిన చలాన్ నంబర్, B లో తేదీ, C లో పార్టీ, D లో సరుకు. నేను ముందు E కాలమ్‌లో ఉత్త నంబర్‌ని విడగొట్టాను, ఎందుకంటే `JW-0412` అనేది ఎక్సెల్‌కి అంకె కాదు, అక్షరాలే, దాన్ని తీసివెయ్యడం కలపడం కుదరదు.

```
=VALUE(RIGHT(TRIM(SUBSTITUTE(A2,CHAR(160)," ")),4))
```

ఇందులో `SUBSTITUTE` ఎందుకంటే వాట్సాప్ నుంచో వెబ్ పేజీ నుంచో కాపీ చేసినప్పుడు కొన్నిసార్లు నంబర్ వెనకాల ఒక రకం ఖాళీ వచ్చి కూర్చుంటుంది, చూడ్డానికి మామూలు స్పేస్ లాగే ఉంటుంది కానీ `TRIM` దాన్ని తియ్యలేదు. దాన్ని ముందు మామూలు స్పేస్‌గా మార్చేస్తే అప్పుడు `TRIM` పని చేస్తుంది.

ఈ ఫార్ములా కిందకి లాగాక రెండు చోట్ల తేడా కనిపించింది. ఒక చోట `#VALUE!` వచ్చింది, ఆ సెల్ లోపలికి వెళ్ళి చూస్తే సున్నా బదులు ఓ అక్షరం కొట్టారు, `JW-O412` అని. ఇంకో చోట -415 వచ్చింది. మైనస్ ఎక్కడినుంచి వచ్చిందా అని చూస్తే అక్కడ ముందు సున్నా లేకుండా `JW-415` అని టైప్ చేశారు, కుడి నుంచి నాలుగు అక్షరాలు తీసుకోమంటే డాష్‌తో కలిపి తీసుకుంది, ఎక్సెల్ ఆ డాష్‌ని మైనస్ అనుకుంది. ఇలాంటివాటిని `IFERROR` పెట్టి దాచెయ్యొద్దు, చాలామంది షీట్ నీట్‌గా కనపడాలని అదే చేస్తారు, అప్పుడు ఉన్న చలాన్ లేనట్టు లిస్ట్‌లోకి వచ్చి మీరు లేని గ్యాప్ వెతుక్కుంటూ కూర్చుంటారు. తప్పుగా కొట్టిన సెల్‌నే సరిచేసి ముందుకెళ్ళాలి. నేను ఆ రెండూ సరిచేశాను.

ఇంకో జాగ్రత్త కూడా ఇక్కడే చెప్పేస్తాను. మీ బిల్ నంబర్ 12/25 లాంటి ఫార్మాట్‌లో ఉంటే ఎక్సెల్ దాన్ని తేదీ చేసేస్తుంది, కాబట్టి పేస్ట్ చేసే ముందే ఆ కాలమ్‌ని టెక్స్ట్‌గా పెట్టుకోవాలి. అలాగే జీఎస్టీలో బిల్ నంబర్ 16 అక్షరాల దాకా ఉండొచ్చు, కొంతమంది సంవత్సరం, బ్రాంచ్ కోడ్ అన్నీ కలిపి 16 అంకెల నంబర్ పెట్టుకుంటారు, కానీ ఎక్సెల్ అంకెల్లో 15 వరకే గుర్తుపెట్టుకుంటుంది, పదహారోది సున్నా అయిపోతుంది. టెక్స్ట్‌గా ఉంచినా `COUNTIF` మాత్రం లోపల దాన్ని అంకెగా మార్చుకునే పోలుస్తుంది, దాంతో పక్కపక్క నంబర్లన్నీ డూప్లికేట్లని చెబుతుంది. అందుకే పూర్తి నంబర్‌ని పోల్చకుండా చివర మారే భాగాన్ని మాత్రమే విడగొట్టి దాంతో పని చెయ్యడం మంచిది.

నంబర్లు శుభ్రం అయ్యాక E కాలమ్ ప్రకారం చిన్న నుంచి పెద్దకి సార్ట్ చేసి F కాలమ్‌లో ఒక్క తీసివేత పెట్టాను.

```
=E3-E2
```

ఇది F3 నుంచి మొదలవుతుంది. తేడా 1 వస్తే వరస బాగున్నట్టు, 0 వస్తే అదే నంబర్ మళ్ళీ ఉన్నట్టు, 2 అంతకంటే ఎక్కువ వస్తే మధ్యలో ఏవో లేనట్టు. మిస్సింగ్‌కి ఒక ఫార్ములా, డూప్లికేట్‌కి ఒక ఫార్ములా అక్కర్లేదు, రెండూ ఒకే కాలమ్‌లో పక్కపక్కనే కనపడతాయి. నాకు ఈ పద్ధతి అందుకే ఇష్టం, ఎందుకంటే చాలాసార్లు ఈ రెండూ ఒకే తప్పుకి రెండు చివరలు.

ఈ రిజిస్టర్‌లో సున్నాలు నాలుగు వచ్చాయి: 408 రెండుసార్లు, 434 రెండుసార్లు, 452 మూడుసార్లు ఉన్నాయి. రెండు కంటే తక్కువ కానివి మూడు చోట్ల వచ్చాయి: 418 తర్వాత 420, 436 తర్వాత 439, 442 తర్వాత 444. అంటే లేనివి 419, 437, 438, 443. లైన్లు 60, అందులో విడివిడి నంబర్లు 56, ఎక్కువ ఉన్న లైన్లు 4, లేని నంబర్లు 4. ఈ విడివిడి నంబర్ల లెక్క విడిగా కావాలంటే ఇది పెట్టండి:

```
=SUMPRODUCT(1/COUNTIF(E2:E61,E2:E61))
```

వరసలో ఉండాల్సిన 60తో పోల్చాల్సింది దీన్ని, అంటే 56ని. లైన్ల సంఖ్యని కాదు.

డూప్లికేట్ల దగ్గర తొందరపడితే ప్రమాదం. రిజిస్టర్ సరుకు వారీగా రాసేది అయితే ఒక చలాన్‌లో మూడు రకాల సరుకు ఉంటే మూడు లైన్లు వస్తాయి, అది తప్పే కాదు. 452 అలాంటిదే, ఒకే తేదీ, ఒకే పార్టీ, గ్రిల్స్ రెండు సైజులు, ఒక రెయిలింగ్. 408 కూడా అంతే. 434 మాత్రం వేరు, ఒక లైన్ ఆగస్టు 21, ఇంకో లైన్ సెప్టెంబర్ 4. ఒకే చలాన్ రెండు తేదీల్లో ఉండదు కాబట్టి అసలు డూప్లికేట్ అదొక్కటే. రిజిస్టర్ పెద్దది అయితే కంటితో చూడ్డం కష్టం, అప్పుడు నంబర్ అదే ఉండి తేదీ వేరే ఉన్న లైన్లు ఎన్నో అడగొచ్చు:

```
=COUNTIFS($E$2:$E$61,E2,$B$2:$B$61,"<>"&B2)
```

ఇది సున్నా కంటే ఎక్కువ వచ్చిన లైన్లన్నీ అనుమానించాల్సినవే. తేదీ బదులు పార్టీ కాలమ్ పెట్టి ఇంకోసారి కూడా చూస్తే మంచిది. ఒకే రోజు ఒకే పార్టీకి రెండు చలాన్లు రాసి రెండిటికీ ఒకే నంబర్ కొడితే ఈ ఫార్ములాకి దొరకదు, దానికి ఆకు తీసి చూడ్డం తప్ప దారి లేదు, అందుకే 408, 452 ఆకులు కూడా నేను బుక్‌లో చూశాకే వదిలేశాను. ఇక `Remove Duplicates` బటన్ జోలికి మాత్రం అస్సలు వెళ్ళొద్దు, నంబర్ కాలమ్ ఒక్కటే టిక్ చేసి అది నొక్కితే 452లో రెండు రకాల సరుకు, సెప్టెంబర్ 4న వెళ్ళిన సరుకు మొత్తం మాయమైపోయేవి.

ఇప్పుడు 434 సంగతి. సెప్టెంబర్ 4 లైన్‌ని పాత తేదీల వరసలో చూస్తే 442కి, 444కి మధ్యలో పడుతోంది. సరిగ్గా అక్కడే 443 లేదు! 443ని 434 అని కొట్టారు, రెండు అంకెలు తారుమారు. 443లోంచి 434 తీస్తే 9 వస్తుంది, పక్కపక్క అంకెలు తారుమారైతే తేడా ఎప్పుడూ తొమ్మిదితో భాగించబడుతుంది, ఇది పద్దుల్లో పాత చిట్కానే, ఇక్కడ కూడా పని చేస్తుంది. లేని నంబర్, రెండుసార్లు ఉన్న నంబర్ పక్కపక్కన పెట్టుకుని తేడా తీసి చూడండి, 9, 18, 27, 36, 90 ఇలా వస్తే ముందు టైపింగ్ తప్పుని అనుమానించి తేదీ ఎక్కడ పడుతోందో చూడాలి. బుక్‌లో 443 ఆకు తీస్తే అదే తేదీ, అదే సరుకు, సరిపోయింది. ఒక్క సెల్ మారిస్తే ఒక డూప్లికేట్, ఒక మిస్సింగ్ రెండూ పోయాయి. ఆ 443ని విడిగా గ్యాప్ అని లిస్ట్ రాసి, 434ని విడిగా డూప్లికేట్ అని ఇంకో లిస్ట్ రాసి ఇద్దరు మనుషులకి ఇచ్చి ఉంటే, ఒకళ్ళు 443 క్యాన్సిల్ అని రాసేసేవాళ్ళు, ఇంకొకళ్ళు 434 రెండో లైన్ కొట్టేసేవాళ్ళు, సెప్టెంబర్ 4న వెళ్ళిన సరుకు కాగితం మీద ఎక్కడా ఉండేది కాదు.

ఇక్కడిదాకా వచ్చాక పని అయిపోయినట్టే అనిపిస్తుంది కానీ తీసివేత పద్ధతికి ఒక గుడ్డితనం ఉంది, రెండు చివరలూ అది చూడలేదు. 401 కంటే ముందు ఏదైనా పోయిందా, 460 తర్వాత ఏదైనా రాశారా అన్నది ఈ షీట్‌లో ఎంత వెతికినా దొరకదు, ఎందుకంటే పక్కన తీసివెయ్యడానికి నంబరే లేదు. మొదటి చివరకి పాత క్వార్టర్ రిజిస్టర్ తీశాను, జూన్‌లో చివరి చలాన్ 399. అంటే 400 ఏ క్వార్టర్‌లోనూ లేదు. జూన్ చూసినవాళ్ళు 399తో ముగించారు, జూలై 401తో మొదలైంది, ఎవరి లెక్క వాళ్ళకి సరిపోయింది. రెండో చివరకి ఫోన్ చేసి ఒక్కటే అడిగాను, ఇప్పుడు బుక్‌లో రాయడానికి సిద్ధంగా ఉన్న ఆకు నంబర్ ఎంత, అందులో అక్టోబర్ తేదీతో రాసినవి ఎన్ని అని. అక్టోబర్‌లో మొదటి చలాన్ 463 అని చెప్పారు. మరి 461, 462 ఏవి? రెండూ సెప్టెంబర్ 30 సాయంత్రం రాసినవి, రిజిస్టర్‌లోకి ఎక్కించే అమ్మాయి అప్పటికే ఫైల్ నాకు పంపేసింది.

కాబట్టి వరస 401 నుంచి 460 కాదు, 400 నుంచి 462. రిజిస్టర్‌లో కనపడే చిన్న నంబర్, పెద్ద నంబర్ తీసుకుని వరస మొదలు, చివర అవే అనుకోకూడదు, మొదలు పాత క్వార్టర్ చివరి నంబర్‌కి ఒకటి కలిపితే వస్తుంది, చివర బుక్‌లోంచి వస్తుంది. ఇప్పుడు పూర్తి లిస్ట్ కావాలి కాబట్టి H2లో 400 వేసి కింద ఒక్కొక్కటి పెంచుకుంటూ 462 దాకా లాగి, పక్కన I2లో ఇది పెట్టాను:

```
=COUNTIF($E$2:$E$61,H2)
```

0 వచ్చినవన్నీ లేనివి. కొత్త ఎక్సెల్ ఉన్నవాళ్ళకి ఇంత కూడా అక్కర్లేదు, ఒక్క ఫార్ములాతో లేని నంబర్లు మాత్రమే వరసగా వచ్చేస్తాయి:

```
=LET(s,SEQUENCE(63,1,400),FILTER(s,COUNTIF(E2:E61,s)=0))
```

443 సరిచెయ్యకముందు ఇది నడిపితే ఏడు నంబర్లు వస్తాయి, పక్కపక్కవి కలిపి రాస్తే లిస్ట్ ఇలా ఉంటుంది:

```
400
419
437 - 438
443
461 - 462
```

ఇలా కలిపి రాయడం అందం కోసం కాదు. ఒంటరి గ్యాప్‌కి కారణం సాధారణంగా ఆకు చెడిపోవడమో టైపింగ్ తప్పో, వరసగా రెండు మూడు పోతే అవి ఒకే రోజు ఒకే మనిషి చేతిలో పోయి ఉంటాయి, ఏకంగా యాభై పోతే అది గ్యాప్ కాదు, గోడౌన్‌లో వేరే బుక్ తెరిచి రాస్తున్నారని అర్థం. అలా రెండు బుక్కులు ఒకేసారి నడుస్తున్నచోట ముందు ఏ బుక్ ఎవరికి, ఏ నంబర్ నుంచి ఏ నంబర్ దాకా ఇచ్చారో కనుక్కుని ఒక్కో బుక్‌ని విడి వరసగా చూడాలి, లేకపోతే వాడని ఆకులన్నీ పోయినవిగా కనపడి కంగారు పుడుతుంది.

లిస్ట్ చేతిలో పెట్టుకుని మరుసటి రోజు నేనే యూనిట్‌కి వెళ్ళాను. ఈ పని ఫోన్‌లో అవ్వదు, బుక్ తెరిచి ఆకు చూడాలి. 419 దగ్గర మూడు కాపీలూ బుక్‌లోనే ఉన్నాయి, అడ్డంగా గీత కొట్టి క్యాన్సిల్ అని రాసి ఉంది, పార్టీ పేరు తప్పు రాశారట, అదే సరుకుకి వెంటనే 420 రాశారు. ఇది శుభ్రమైన క్యాన్సిల్. మూడు కాపీలూ ఉండటమే ఇక్కడ ముఖ్యం, చలాన్‌కి మొదటిది సరుకు తీసుకునేవాళ్ళకి, రెండోది ట్రాన్స్‌పోర్ట్‌కి, మూడోది మనకి, అందులో ఒక్కటి లేకపోయినా సరుకు బయటికి వెళ్ళి ఉండొచ్చు, అప్పుడు మన కాపీ మీద క్యాన్సిల్ అని ఎంత పెద్దగా రాసినా దానికి విలువ లేదు. 400 పాత బుక్‌లో చివరి ఆకు, వెనక అట్టకి జిగురుతో అంటుకుపోయి ఉంది, చూసుకోకుండా కొత్త బుక్ తెరిచేశారు, మూడు కాపీలూ తెల్లగా ఉన్నాయి. ఆ రోజే వాటి మీద గీతలు కొట్టి తేదీ వేసి ఓనర్ చేత సంతకం పెట్టించాం, ఖాళీ ఆకు అలా వదిలేస్తే రేపు ఎవరైనా పాత తేదీ వేసి రాసుకోవచ్చు.

437, 438 దగ్గర మాత్రం నాకు నిజంగా భయమేసింది. మూడు కాపీల్లో ఒక్కటీ లేదు, చిల్లుల గీత దాకా చింపేసిన మొదళ్ళు మాత్రమే ఉన్నాయి. 436 తేదీ ఆగస్టు 23 శనివారం, 439 తేదీ ఆగస్టు 25 సోమవారం. అంటే ఇవి ఆ మధ్యలో ఆదివారం నాటివి, వినాయక చవితి ముందు ఆదివారం, ఆఫీసులో రాసే మనిషి ఉండడు. లోడింగ్ చూసే పెద్దాయన్ని పిలిచి, "బాబాయ్, చవితి ముందు ఆదివారం బండి ఏమైనా వెళ్ళిందా" అని అడిగితే, "వెళ్ళింది బాబూ, అర్జెంటన్నారని రెండు చలాన్లు చింపి జేబులో పెట్టుకెళ్ళి అక్కడే రాసిచ్చా, మన కాపీలు బండిలోనే ఉండిపోయినట్టున్నాయి" అన్నాడు. ఆయన దాచిందేమీ లేదు, అడిగినవాళ్ళు లేరు, అంతే.

పౌడర్ కోటింగ్ వాళ్ళ ఫైల్‌లో రెండిటి ఒరిజినల్స్ దొరికాయి. 437లో కిటికీ గ్రిల్స్ 22, 438లో గేటు రెక్కలు 2. ఇక్కడ నేను ముందే పట్టుకోవాల్సిన గుర్తు ఇంకోటి ఉంది. తిరిగొచ్చిన సరుకు రిజిస్టర్‌లో సెప్టెంబర్ 5న ఆ గేటు రెక్కలు వచ్చినట్టు రాసే ఉంది, కానీ వెళ్ళినట్టు ఎక్కడా లేదు, అంటే జాబ్ వర్కర్ దగ్గర గేట్ల నిల్వ మైనస్ రెండు. వెళ్ళని సరుకు తిరిగి రాదు కాబట్టి ఆ మైనస్ కనపడిన క్షణమే ఒక చలాన్ ఎక్కలేదని తెలిసిపోవాలి. గ్రిల్స్‌లో 14 తిరిగొచ్చాయి, 8 ఇంకా అక్కడే ఉన్నాయి, వెళ్ళి లెక్కపెట్టి వచ్చాం. వాటి ఏడాది గడువు ఆగస్టు 24 నుంచి లెక్క.

అక్కడ కూడా ఒరిజినల్స్ దొరక్కపోయి ఉంటే ఇంకో చోట వెతికేవాణ్ణి, ఈ-వే బిల్ పోర్టల్‌లో. ఈ-వే బిల్ చేసేటప్పుడు డాక్యుమెంట్ నంబర్ కొడతారు కాబట్టి ఆ తేదీల బిల్లులు తీస్తే పోయిన చలాన్ నంబర్, బండి నంబర్, సరుకు అన్నీ అక్కడ ఉంటాయి. విలువ తక్కువై ఈ-వే బిల్ చెయ్యని బండ్లకి మాత్రం ఇది పనికిరాదు.

గ్యాప్ లిస్ట్‌కి పక్కన మేం నాలుగు విషయాలే రాశాం: కాపీలు ఎన్ని కళ్ళతో చూశాం, కారణం ఏంటి, ఎవరు చెప్పారు, చివరికి ఏం చేశాం. "కాపీలు ఎన్ని చూశాం" అన్నది మొదట ఉండాలి, ఎందుకంటే కారణం నోటితో ఏదైనా చెప్పొచ్చు, మూడు కాపీలు బల్ల మీద పెట్టడం అలా కాదు. కారణం దొరకని నంబర్‌ని క్యాన్సిల్ ఖాతాలో వెయ్యడం నేను ఒప్పుకోను, దొరకలేదు అనే రాస్తాను, రేపు ఆడిట్‌లో ఆ ఆకు ఎక్కడో బయటపడితే క్యాన్సిల్ అని చెప్పినది అబద్ధం అవుతుంది.

ఇదే పని సేల్స్ బిల్లులకి చేసేవాళ్ళకి ఒక మాట చెప్పాలి, అక్కడ కంప్యూటర్ నంబర్ వేస్తుంది కాబట్టి గ్యాప్ లేకపోతే చాలనుకుంటారు. ట్యాలీలో ఆటోమేటిక్ నంబరింగ్‌లో మధ్యలో ఒక బిల్ డిలీట్ చేస్తే సెట్టింగ్‌ని బట్టి తర్వాతి బిల్లుల నంబర్లన్నీ ఒక్కొక్కటి వెనక్కి జరిగిపోవచ్చు, అప్పుడు గ్యాప్ రాదు, డూప్లికేట్ రాదు, కానీ కస్టమర్ చేతిలో ఉన్న ప్రింట్ మీద ఒక నంబర్, మన రిజిస్టర్‌లో ఇంకో నంబర్. దాన్ని పట్టుకోవాలంటే ప్రింట్ అయిన పాత బిల్లులు ఐదారు తీసి నంబర్, పార్టీ, మొత్తం రిజిస్టర్‌తో పోల్చాలి, వరస చూస్తే తెలీదు. కొత్త వెర్షన్లలో పాత నంబర్ అలాగే ఉంచమనే ఆప్షన్ ఉంది, అది పెట్టుకుంటే డిలీట్ అయినచోట గ్యాప్ గ్యాప్‌లాగే కనిపిస్తుంది, నాకు అదే కావాలి. ఈ-ఇన్‌వాయిస్ ఉన్నవాళ్ళకైతే క్యాన్సిల్ చేసిన బిల్ నంబర్ మళ్ళీ వాడటం కుదరదు, కాబట్టి వాళ్ళ వరసలో క్యాన్సిల్ అయినవి ఉండటం మామూలే, అవన్నీ పోర్టల్‌లో కూడా క్యాన్సిల్‌గానే ఉన్నాయా అని ఒకసారి చూసుకుంటే సరిపోతుంది.

చివరికి ఆ యూనిట్ లెక్క ఇలా తేలింది. విడివిడి నంబర్లు రిజిస్టర్‌లో 56, 443 సరిచేస్తే 57, 461, 462 ఎక్కిస్తే 59, 437, 438 ఒరిజినల్స్ చూసి ఎక్కిస్తే 61, క్యాన్సిల్ రెండు, 400, 419. మొత్తం 63. టేబుల్ 13లో జాబ్ వర్క్ చలాన్ల వరసలో `JW-0400` నుంచి `JW-0462`, మొత్తం 63, క్యాన్సిల్ 2, నికరం 61 అని వేశాం. ఆ పెద్దాయనకి ఆదివారాల కోసం విడిగా ఒక బుక్ ఇచ్చారు, 501 నుంచి 550, దాని అట్ట మీద ఇచ్చిన తేదీ రాసి ఉంది. తర్వాతి క్వార్టర్ షీట్‌లో ఆఫీసు బుక్ వరసకి H2లో 463, గోడౌన్ బుక్ వరసకి ఇంకో కాలమ్‌లో 501 అప్పుడే వేసి పెట్టాను.